మీటరు మాట నమ్మొచ్చా?

రోజూ పరగడుపున 130 చుట్టూ చూపించే గ్లూకోమీటర్ ఓ రోజు ఉన్నట్టుండి 210 చూపించింది. తిండి మారలేదు, మాత్ర మానలేదు. తేడా ఒంట్లో ఉందా, మీటర్లో ఉందా? సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకుని మళ్లీ చూసినా అంతే వస్తే కంట్రోల్ సొల్యూషన్ బయటికి తీయాలి.

ఇది చిన్న సీసాలో దొరికే రంగు ద్రవం. ఇందులో గ్లూకోజ్ ఎంత ఉండాలో కంపెనీ ముందే లెక్క కట్టి కలుపుతుంది. రక్తానికి బదులు దీని చుక్కను స్ట్రిప్‌కి అందిస్తే ఎంత రావాలో స్ట్రిప్పుల డబ్బా లేబుల్ మీదో, దాంతో వచ్చే కాగితంలోనో ఉంటుంది. ఉదాహరణకు 102–138 అని ఉందనుకోండి. 121 వస్తే మీటరు, స్ట్రిప్పు రెండూ సరిగ్గా ఉన్నట్టే. ఆ అంకెలు సొల్యూషన్‌వి మాత్రమే. మన షుగరు అంతలో ఉండాలని కాదు.

సీసాను బాగా కుదిపి, మొదటి చుక్క పారేసి, మూతిని శుభ్రమైన టిష్యూతో తుడవాలి. రెండో చుక్కను శుభ్రమైన ప్లాస్టిక్ ముక్క మీద వేసి, స్ట్రిప్ కొసను దానికి తాకించాలి. సీసా మూతినే స్ట్రిప్‌కి ఆనిస్తే లోపలి ద్రవం పాడయ్యే ప్రమాదముంది. కొన్ని మీటర్లు ఇది రక్తం కాదని వాటంతటవే కనిపెడతాయి. మిగతావాటిలో కంట్రోల్ మోడ్ పెట్టుకోవాలి, లేకపోతే ఈ అంకె కూడా మీ సగటులో కలిసిపోతుంది.

ఇప్పుడు 121 కాక 158 వచ్చిందనుకోండి. వెంటనే మీటరు పారేయక్కర్లేదు. ముందు సొల్యూషన్ సంగతి చూడండి. సీసా మూత తీశాక సాధారణంగా మూడు నెలలే పనికొస్తుంది, అందుకే తెరిచిన తేదీని దాని మీదే రాసుకోవాలి. అది మీ మీటరు కంపెనీదేనా, మీది లెవెల్ 2 అయితే లేబుల్ మీద లెవెల్ 2 అంకెలే చూశారా? అన్నీ సరే అనుకుంటే, కొత్త డబ్బాలోని స్ట్రిప్‌తో మళ్లీ చేసి, ఆ డబ్బా మీది అంకెలతో పోల్చండి. ఈసారి సరిగ్గా వస్తే పాత స్ట్రిప్పులే పాడయ్యాయన్నమాట. నా అనుమానం ఎప్పుడూ ముందు వాటి మీదికే పోతుంది. స్ట్రిప్ మీది ఎంజైమ్‌కి తేమ పడదు, మనమేమో డబ్బా మూత సగం పెట్టి వదిలేస్తాం. కొత్త స్ట్రిప్‌తో, కొత్త సొల్యూషన్‌తో కూడా తప్పే వస్తే లోపం మీటర్లోనే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాల్సిందే.

ఈ పరీక్షకు అందనివీ ఉన్నాయి. వేలికి అంటిన మామిడిపండు రసం సంగతి దీనికి తెలియదు. బాగా రక్తహీనత ఉన్నవాళ్లలో మీటరు అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చు, అదీ ఇందులో బయటపడదు. అలాంటప్పుడు ల్యాబ్‌కి పరగడుపున వెళ్లి, అక్కడ రక్తం తీసిన కొద్ది నిమిషాల్లోనే మీ మీటరుతోనూ చూసుకోండి. ల్యాబ్‌లో 140 వస్తే, మీటర్లో 119 నుంచి 161 దాకా, అంటే 15 శాతం అటూఇటూ వచ్చినా తప్పు పట్టక్కర్లేదు. తిన్నాక పోల్చకండి, అప్పుడు వేలి రక్తంలో షుగరు చేతి నరంలోకన్నా ఎక్కువగానే ఉంటుంది.