రాత్రి బోర్డులో వత్తులు కనబడాలంటే

‘శ్రీ లక్ష్మీ మెడికల్స్’ అని ఒక మందుల షాపుకు బోర్డు పెట్టాలనుకుందాం. రోడ్డు అవతలి నుంచి, అంటే సుమారు 30 మీటర్ల దూరం నుంచి రాత్రిపూట చదవగలగాలి. అక్షరం ఎంత ఎత్తుండాలని అడిగితే చాలామంది బోర్డు తయారీదార్లు పది అడుగుల దూరానికి ఒక అంగుళం అంటారు. ఆ లెక్కన పది అంగుళాలు చాలు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఇది ధారాళంగా సరిపోతుంది. తెలుగులో మాత్రం చిక్కు ‘క్ష్మీ’ దగ్గర మొదలవుతుంది. అందులో ‘క’ ఒక్కటే పూర్తి సైజు. కింద ఉన్న ష వత్తు, మ వత్తు దాదాపు సగం సైజులో ఉంటాయి, వాటి లోపలి ఖాళీలు ఇంకా చిన్నవి.

అందుకే తెలుగు బోర్డుకు ఎత్తును లెక్కగట్టాల్సింది పెద్ద అక్షరం నుంచి కాదు, అన్నిటికన్నా చిన్న ఖాళీ నుంచి. కంటి డాక్టరు దగ్గర ఆరు మీటర్ల దూరం నుంచి చదివించే పట్టికలో 6/6 వరుసను చూడండి. ఆ అక్షరాల ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. గీత మందం, గీతల మధ్య ఖాళీ అందులో ఐదో వంతు, అంటే రెండు మిల్లీమీటర్ల లోపే. దూరం 30 మీటర్లయితే ఆ ఖాళీ ఐదు రెట్లు పెరిగి దాదాపు 9 మిల్లీమీటర్లు కావాలి. ఇది మంచి చూపున్నవారికి, మంచి వెలుతురులో పనికొచ్చే కనీస కొలత. చూపు 6/12 ఉన్నవారికి రెట్టింపు, అంటే 17, 18 మిల్లీమీటర్లు అవసరం. డిజైన్ ప్రింటు తీసి, మ వత్తు లోపలి ఖాళీని స్కేలుతో కొలిచి, అసలు సైజుకు లెక్కగడితే ఎత్తు చాలుతుందో లేదో తేలిపోతుంది.

మూడడుగుల ఎత్తున్న బోర్డులో పైనా కిందా మూడేసి అంగుళాలు వదిలితే ముప్పై అంగుళాలు మిగులుతాయి. పైన దీర్ఘం, కింద వత్తులు కలిస్తే ‘క్ష్మీ’ మొత్తం ఎత్తు ‘క’ ఎత్తుకు రెండు, రెండున్నర రెట్లవుతుంది. కాబట్టి ‘క’కు దక్కేది పన్నెండు అంగుళాలే. వత్తు ఖాళీ 18 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలంటే ఇక గీతను సన్నం చేయాలి.

షాపు యజమానికి ఈ సలహా సాధారణంగా రుచించదు. లావుగా ఉంటేనే బాగా కనబడుతుందని అతని నమ్మకం. పగలు, లైటు లేని బోర్డుకు అది నిజమే. తెల్ల నేపథ్యం మీద నల్లక్షరానికి ఎత్తులో ఆరో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా మందం బాగుంటుంది. కానీ వెలిగే అక్షరం చీకట్లో తన గీతను దాటి పరుచుకుంటుంది. కంట్లో కాంతి చెదిరి, వెలుగు చుట్టూ ఉన్న చీకటిలోకి పాకుతుంది. అందువల్ల నల్లటి నేపథ్యం మీద వెలిగే గీత పదో వంతు గానీ, వెలుగు బాగా ఎక్కువైతే అంతకన్నా సన్నంగా గానీ ఉండాలి. లేదంటే సున్న లోపల ఉండాల్సిన ఖాళీ పూడిపోయి ముద్ద అవుతుంది, ‘థ’ కడుపులోని చుక్క మాయమై ‘ధ’ అవుతుంది.

అమెరికా హైవే బోర్డుల మీద ఈ సంగతి పెద్ద ఎత్తునే పరీక్షకొచ్చింది. హెడ్‌లైట్ల వెలుగులో తెల్లక్షరాలు మెరిసి లోపలి ఖాళీలు పూడిపోతున్నాయని, ఆ ఖాళీలను పెంచి క్లియర్‌వ్యూ అనే లిపి గీశారు. 2004లో అక్కడి ఫెడరల్ హైవే శాఖ దానికి తాత్కాలిక అనుమతి ఇచ్చింది, 2016లో ఉపసంహరించింది, 2018లో మళ్ళీ ఇచ్చింది. ఆ లిపిని ఉద్దేశించింది ముదురు నేపథ్యం మీది లేత అక్షరాలకే.

పన్నెండు అంగుళాల ‘క’కు పదో వంతంటే సుమారు 30 మిల్లీమీటర్ల గీత. దాని లోపల ఎల్‌ఈడీ మాడ్యూల్ పడుతుంది. సగం సైజు వత్తుకు గీత 15 మిల్లీమీటర్లే, అందులో మాడ్యూల్ ఇరుకు. అప్పుడు పనివాడు వత్తును లావు చేసేస్తాడు. అలా ఖాళీ పోతుంది. ఇంతకన్నా మేలైన దారి, ముదురు రంగు ఏసీపీ షీటులో అక్షరాల ఆకారాన్నే కోసి, వెనక తెల్ల అక్రిలిక్ పెట్టి, మొత్తం పెట్టెను లోపలి నుంచి వెలిగించడం. అప్పుడు గీత ఎంత సన్నమైనా మాడ్యూల్‌తో పేచీ లేదు. షీటు మెరుపు లేని మ్యాట్ రకమైతే మంచిది. మెరిసే షీటు వీధి దీపాలనూ ఎదుటి షాపు లైట్లనూ ప్రతిబింబించి నేపథ్యాన్ని తేలిక చేస్తుంది.

రంగుల విషయంలో చూడాల్సింది రంగుల తేడా కాదు, వెలుగు తేడా. తెలుపు మీద పసుపు వెలిగిస్తే రెండూ దాదాపు ఒకే ప్రకాశంతో కలిసిపోతాయి. నీలం మీద ఎరుపు పగలు ఆకర్షణీయంగానే ఉన్నా, రాత్రి అంచులు కదిలినట్టు కనిపిస్తాయి. డిజైన్‌ను ఫోన్‌లో నలుపు తెలుపులోకి మార్చి చూస్తే అక్షరమూ నేపథ్యమూ ఎంత దూరంగా ఉన్నాయో ఇట్టే తెలుస్తుంది.

బోర్డు ఎక్కించాక చీకటి పడ్డ తర్వాత రోడ్డు అవతల నిలబడి, డిమ్మర్‌తో వెలుగు నెమ్మదిగా తగ్గించాలి. తగ్గిస్తున్నకొద్దీ వత్తులు విడివిడిగా కనబడితే తప్పు వెలుగుది, అక్కడే ఆపేస్తే సరిపోతుంది. ఎంత తగ్గించినా ముద్దగానే ఉంటే గీత లావైనట్టు. అప్పుడు ఆ వత్తులను విప్పి సన్నగా మళ్ళీ కోయించాల్సిందే.