సాఫ్ట్‌వేర్ కొనే ముందు విక్రేతకు ఏమని రాయాలి?

కామారెడ్డి, ఎల్లారెడ్డి: దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కావాలనుకున్న వ్యాపారి సాధారణంగా విక్రేతకు ఫోన్ చేసి ధర ఎంతని అడుగుతారు. అవతలి వ్యక్తి ఒక అంకె చెబుతారు. కొన్న తర్వాత రెండో దుకాణానికి అదనమని, పాత ఖాతాలు ఎక్కించేందుకు వేరే రుసుమని, మరుసటి ఏడాది నిర్వహణ ఖర్చని అంకె పెరుగుతూ పోతుంది. ఇందులో విక్రేతను పూర్తిగా తప్పుపట్టలేం. మన దుకాణంలో ఎందరు పనిచేస్తారో, ఏ అవసరాలున్నాయో తెలియకుండా అతడు సరైన ధర చెప్పలేడు. అందుకే డెమో కోరే ముందు ఒక పేజీ ఉత్తరం రాసుకోవడం మేలు.

కామారెడ్డిలో ప్రధాన దుకాణం, ఎల్లారెడ్డిలో శాఖ ఉన్న ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల డీలరును ఉదాహరణగా తీసుకుందాం. రెండు చోట్లా కలిపి సిబ్బంది తొమ్మిది మంది. విక్రేతకు పంపే ఉత్తరం ఇలా ఉండవచ్చు.

‘మేనేజర్ గారికి నమస్కారం. మాకు కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణాలు ఉన్నాయి. రెండింటికీ జీఎస్‌టీ నంబరు ఒక్కటే. మొత్తం సిబ్బంది తొమ్మిది మంది కాగా కంప్యూటరు వాడేది నలుగురు. కామారెడ్డిలో బిల్లు కౌంటరు, గుమాస్తా, ఎల్లారెడ్డిలో బిల్లు కౌంటరు, ఫోన్‌లో లెక్కలు చూసుకునేందుకు యజమాని. జూన్, జూలై నెలల్లో కామారెడ్డిలో మరో కౌంటరు తెరుస్తాం. సరుకులు సుమారు 600 రకాలు. మామూలు రోజుల్లో రెండు చోట్లా కలిపి 60 బిల్లులు, వానాకాలం సీజనులో 250 వరకు అవుతాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ వారీగా నిల్వ తెలియాలి. రైతుల ఉద్దెర ఖాతాలు దాదాపు 400 ఉన్నాయి, ప్రస్తుతం పుస్తకాల్లో రాస్తున్నాం. ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి సరుకు పంపితే రెండు నిల్వలూ సరిపోవాలి. ఎల్లారెడ్డిలో నెట్ ఆగినా బిల్లు ఆగరాదు. మా సరుకులతోనే మా దుకాణంలో డెమో చూపగలరు. ధరను మూడేళ్లకు, పన్నుతో సహా, అంశాల వారీగా రాసి పంపగలరు.’

ఇందులో కీలకమైనది సిబ్బంది లెక్క. ‘మేం తొమ్మిది మందిమి’ అని మాత్రమే రాస్తే విక్రేత తొమ్మిది లైసెన్సులకు ధర కట్టే అవకాశముంది. బస్తాలు మోసే హమాలీకి, గోదాము కాపలాదారుకు లాగిన్ అవసరం లేదు. లైసెన్సులను కొందరు మనిషికొకటి చొప్పున అమ్ముతారు, కొందరు కంప్యూటరుకొకటి చొప్పున, మరికొందరు ఒకే సమయంలో వాడేవారి సంఖ్యను బట్టి అమ్ముతారు. ఏ పద్ధతో ముందే అడగాలి. చాలామందికి తెలిసిన ట్యాలీప్రైమ్‌నే చూస్తే, సిల్వర్ రకం ఒక్క కంప్యూటరుకు, గోల్డ్ రకం ఒకే ప్రాంగణపు నెట్‌వర్కులోని పలు కంప్యూటర్లకు ఉద్దేశించినవి. ఎల్లారెడ్డి దుకాణం ఆ నెట్‌వర్కు బయట ఉంటుంది కనుక రెండు ఊళ్లను కలిపే ఏర్పాటు గురించి విడిగా మాట్లాడుకోవాలి. ‘ఎందరైనా వాడుకోవచ్చు’ అన్న మాట విని మురిసిపోయేవారు తరచుగా ఈ విషయం దగ్గరే దెబ్బతింటారు.

డెమోలో ఏం చూడాలి?

విక్రేత తెచ్చే లాప్‌టాప్‌లో ముందే సిద్ధం చేసిన నమూనా దుకాణం ఉంటుంది. అందులో అన్నీ సాఫీగానే సాగుతాయి. దాన్ని పక్కన పెట్టి, మన సరుకుల్లో ఇరవై రకాలను అప్పటికప్పుడు ఎక్కించి చూపమనాలి. మొదటి పరీక్షగా ఒక యూరియా బస్తా, ఒక వరి విత్తన సంచి, ఒక పురుగుమందు సీసా కలిపి ఒకే బిల్లు చేయించాలి. విత్తనానికి పన్ను లేదు, ఎరువుకు 5 శాతం, రసాయన పురుగుమందుకు 18 శాతం. మూడు రేట్లూ ఒకే బిల్లులో విడివిడిగా కనిపించాలి.

యూరియా దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 45 కిలోల బస్తా గరిష్ఠ చిల్లర ధర రూ.266.50 పన్నుతో కలిపే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ధరలోంచి పన్నును వెనక్కి లెక్కించి అసలు ధర రూ.253.81, పన్ను రూ.12.69 అని చూపాలి. అలాకాక ధరపై మళ్లీ 5 శాతం కలిపితే బిల్లు రూ.279.83 అవుతుంది. రైతుకు నష్టం, గరిష్ఠ ధర మించి అమ్మినందుకు డీలరుపై చర్య. ఈ పొరపాటు తెరపై ఒక్క చూపులో తెలిసిపోతుంది కనుక దీన్ని అడగకుండా డెమో ముగించరాదు.

తర్వాత ఉద్దెర. ఒక రైతు పేరిట జూన్‌లో రూ.8,000, ఆగస్టులో రూ.5,000 సరుకు రాయించి, వడ్లు అమ్మాక రూ.10,000 చెల్లించినట్లు నమోదు చేయించాలి. బాకీ రూ.3,000 ఏ బిల్లుదో సాఫ్ట్‌వేర్ చెప్పగలగాలి. ఆ పిమ్మట నెట్ కేబుల్ పీకి మరో బిల్లు చేయమనాలి. నెట్ తిరిగి వచ్చాక రెండు దుకాణాల నిల్వలు సరిపోయాయో, బిల్లు నంబర్లు ఒకదానిపై ఒకటి పడ్డాయో చూడాలి. ‘ఆ సౌకర్యం వచ్చే వెర్షన్‌లో వస్తుంది సార్’ అన్న జవాబును లేదు అని రాసుకోవడమే మంచిది.

ఒక పరిమితిని మాత్రం ముందే తెలుసుకోవాలి. రాయితీ ఎరువులను ప్రభుత్వం నిర్దేశించిన ఈ-పాస్ యంత్రంలో కొనుగోలుదారు గుర్తింపు నమోదు చేసి అమ్మాల్సి ఉంటుంది. దుకాణపు సాఫ్ట్‌వేర్ ఆ యంత్రానికి బదులు కాదు. అమ్మకాన్ని రెండుచోట్లా నమోదు చేయాల్సి వస్తే, సాయంత్రం రెండు నిల్వలను పక్కపక్కనే చూపే నివేదిక ఉందా అని అడగాలి.

మూడేళ్ల లెక్క

రెండు కొటేషన్లు వచ్చాయనుకుందాం. అంకెలు కేవలం ఉదాహరణకే. మొదటి విక్రేత సాఫ్ట్‌వేర్‌కు రూ.48,000, రెండు ఊళ్ల అనుసంధానానికి రూ.12,000, పాత ఖాతాలు ఎక్కించేందుకు రూ.10,000, రెండో, మూడో ఏడాది నిర్వహణకు రూ.9,000 చొప్పున అడిగాడు. మొత్తం రూ.88,000. దీనిపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే రూ.1,03,840.

రెండో విక్రేత ముందు పెద్ద సొమ్ము అడగడు. నెలకు మనిషికి రూ.600. నలుగురికి 36 నెలలకు రూ.86,400, ఖాతాల ఎక్కింపునకు రూ.10,000, పన్నుతో రూ.1,13,752. మొదటి నెలలో ఎంతో చవకగా కనిపించినది చివరికి సుమారు పదివేలు ఎక్కువే. ఇక తొమ్మిది మందికీ లాగిన్లు తీసుకుంటే నెలవారీ రుసుమే పన్ను కాకుండా రూ.1,94,400 అవుతుంది. ఉత్తరంలో సిబ్బంది లెక్కను రెండుగా విడదీసి రాయమన్నది ఇందుకే. సీజనులో అదనపు లాగిన్ తీసుకుని ఆగస్టులో తగ్గించుకునే వీలుందా అన్నదీ రాతపూర్వకంగా తీసుకోవాలి. మామూలు పద్ధతిలో జీఎస్‌టీ చెల్లించే డీలరు ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందే వీలుంది కనుక పోలికను పన్ను లేని అంకెలతోనూ చేసుకోవచ్చు.

కొటేషన్‌లో మరో రెండు విషయాలు ఉండాలి. జూన్‌లో ఆదివారం నాడు కౌంటరు ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని గంటల్లో పలుకుతారు. ఒప్పందం ముగిస్తే రైతుల ఖాతాలు, నిల్వల వివరాలు ఎక్సెల్ ఫైలుగా మన చేతికి వస్తాయా, దానికి రుసుము ఉందా. ఈ రెండో ప్రశ్నకు నోటి మాట చాలదు. డెమో జరిగే రోజునే ఆ ఇరవై సరుకుల జాబితాను, పరీక్ష బిల్లులను ఫైలుగా తీయించి, పెన్‌డ్రైవ్‌లో మన కంప్యూటరుకు తెచ్చుకుని తెరిచి చూడాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న గడులు అందులో ఖాళీగా కనిపిస్తే సంతకానికి ముందే ఆ మాట తేల్చుకోవాలి.