కోసిన వంకాయ ఎందుకు నల్లబడుతుంది?

మన సంఘం కార్తీక వనభోజనాలకు వంకాయలు ముందే కోసిపెడితే, తాలింపు వేసేలోపే నల్లబడతాయి. కారణం ఇది: వంకాయలో ఫినాల్ పదార్థాలు, ఒక ఎంజైము విడివిడిగా ఉంటాయి. కత్తి పడగానే రెండూ కలుస్తాయి. గాలి తగిలితే గోధుమరంగు వస్తుంది. ఆపిల్, అరటిపండులోనూ జరిగేది ఇదే.

అందుకే మేము లీటరు నీటిలో చెంచా ఉప్పు కలిపి, కోసిన ముక్కను కోసినట్టే అందులో వేస్తాం. నీరు గాలిని అడ్డుకుంటుంది, ఉప్పు ఎంజైము జోరు తగ్గిస్తుంది. తేలిన ముక్కలు నల్లబడతాయి కాబట్టి పైన పళ్లెం బోర్లిస్తాం. నీళ్లు వంచగానే వేడి నూనెలో వేయాలి. ఆలస్యమైతే మళ్లీ రంగు మారతాయి.

ఆపిల్, అరటి ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే కొంతసేపు ఆగుతుంది. రంగు మారినంత మాత్రాన పారేయకండి. చెడు వాసన, జిగురు ఉంటే చెడిపోయినట్టు.