ఉద్యోగం అడగని మెయిల్

హైదరాబాద్‌లో మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్న ఓ అమ్మాయి డేటా ఇంజనీరింగ్‌లోకి మారాలనుకుంటోందని అనుకుందాం. వేరే కంపెనీలో ఆ పనే చేస్తున్న ఒకాయన లింక్డిన్‌లో కనిపించాడు. ముక్కూమొహం తెలియదు. ఇలాంటప్పుడు చాలామంది రాసేది ఒకటే: ‘రెజ్యూమె జత చేశాను, దయచేసి రిఫర్ చేయండి.’

ఆ మెయిల్ అందుకున్నవాడి ఇబ్బంది చూడండి. తెలియని మనిషికి పూచీ ఎలా పడతాడు? హెచ్ఆర్‌కి పంపి చేతులు దులుపుకుంటాడు, లేదంటే ఊరుకుంటాడు.

డ్యూక్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో కెరీర్ సలహాదారుగా పనిచేసిన స్టీవ్ డాల్టన్ 2012లో ‘ద టూ అవర్ జాబ్ సెర్చ్’ అనే పుస్తకంలో దీనికి కొన్ని నియమాలు పెట్టారు. మెయిల్ వంద పదాలు దాటకూడదు. ఉద్యోగం ఊసే ఎత్తకూడదు. ఇద్దరికీ ఉన్న సంబంధం ముందే చెప్పాలి. ఆ లెక్కన మన అమ్మాయి మెయిల్ ఇలా ఉంటుంది:

‘నమస్తే సర్. నేనూ కాకినాడ జేఎన్‌టీయూలోనే చదివాను. ఇప్పుడు మాన్యువల్ టెస్టింగ్‌లో ఉన్నాను. మీరు టెస్టింగ్‌తో మొదలుపెట్టి డేటా ఇంజనీరింగ్‌కి మారారని మీ ప్రొఫైల్‌లో చూశాను. మారేటప్పుడు ముందుగా ఏం నేర్చుకున్నారో, ఏది అక్కర్లేకపోయిందో తెలుసుకోవాలని ఉంది. వచ్చే వారం ఓ పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడడానికి వీలవుతుందా?’

ఇందులో అసలు బలం ‘ఏది అక్కర్లేకపోయిందో’ అన్న మాటలో ఉంది. ఆ దారిన నడిచినవాడే చెప్పగల సంగతి అది. ‘మీ సలహా కావాలి’ అని పొడిగా రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకే తోచదు. రాయాల్సింది డైరెక్టర్‌కి కాదు, రెండు మూడేళ్ల ముందు ఈ మార్పు చేసినవాడికి. ఆయనకి అన్నీ ఇంకా గుర్తుంటాయి.

మరి జవాబు రాకపోతే? మూడు పనిదినాలు చూసి అదే కంపెనీలో ఇంకొకరికి రాయాలనీ, ఏడో పనిదినాన మొదటి వ్యక్తికి ఒక్కసారి గుర్తుచేయాలనీ డాల్టన్ పద్ధతి. అప్పటికీ పలకకపోతే ఆయన్ని వదిలేయాలి. ‘రెజ్యూమె పంపండి’ అని మాత్రమే జవాబొస్తే, మెయిల్‌ని ఉద్యోగం కోసమే అనుకున్నారని అర్థం. రెజ్యూమె పంపుతూనే అడిగిన ప్రశ్నని మరోసారి ముందుపెట్టవచ్చు.

పరాయివాళ్లతో ఇంత ప్రయాస దేనికంటే, సోషియాలజిస్టు మార్క్ గ్రనోవెటర్ 1974లో అచ్చయిన తన అధ్యయనంలో గమనించిన విషయం ఒకటుంది. అమెరికాలోని న్యూటన్‌లో పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన అడిగితే, ఆ పరిచయస్తుణ్ని తరచూ కలిసేవాళ్లం అన్నది ఆరింట ఒక వంతే. దగ్గరివాళ్లకి తెలిసిన కబురు చాలావరకు మనకీ ముందే తెలిసి ఉంటుంది. అయితే అక్కడ సాయపడ్డవాళ్లు కొద్దో గొప్పో తెలిసినవాళ్లు. మెయిల్ పంపినంతమాత్రాన పరాయివాడు ఆ జాబితాలో చేరడు. అందుకే ఫోన్‌లో పదిహేను నిమిషాలు కాగానే ‘టైమ్ అయింది సర్, ఉంచమంటారా?’ అని అడగాలి. ఆయన చెప్పింది నేర్చుకున్నాక, నెలో రెండు నెలలో అయ్యాక, ఏం చేశానో రెండు వాక్యాల్లో రాయాలి. రెండో మెయిల్‌కి జవాబు ఇచ్చేటప్పటికి ఆమె ఎవరో ఆయనకి తెలుసు.