సంభావ్యత ఎనభై ఎలా అవుతుంది?

మా బావమరిది చక్కెర కొని కిలో ప్యాకెట్లుగా కట్టి కిరాణా కొట్లకు వేస్తాడు. ప్యాకింగ్ మిషను సగటున సరిగ్గా కిలో పోస్తుంది కానీ ఒక్కో ప్యాకెట్టులో నాలుగైదు గ్రాములు అటూ ఇటూ అవుతుంటాయి. ఆ చెదురును, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ను, లెక్కగడితే 5 గ్రాములు తేలింది. అది పట్టుకుని, ప్యాకెట్టు కిలో ఉండే అవకాశమెంతో చూద్దామని ఎక్సెల్‌లో ఇలా కొట్టాడు:

```
=NORM.DIST(1,1,0.005,FALSE)
```

జవాబు 79.79. వెంటనే ఫోను. "బావా, సంభావ్యత ఒకటి దాటదని బళ్లో చెప్పారు కదా. ఇదేంటి, ఎనభై అంటోంది?"

బళ్లో చెప్పింది నిజమే. ఎక్సెల్ చెప్పిందీ నిజమే. ఆ 79.79 సంభావ్యత కాదు, అంతే. అది సంభావ్యతా సాంద్రత.

బైకు మీటరు గుర్తు చేసుకోండి. ముల్లు వేగం చూపిస్తుంది, కింద తిరిగే అంకెలు నడిచిన దూరం చూపిస్తాయి. మీరు వెళ్లాల్సింది ఒక్క కిలోమీటరే అనుకోండి. దారిలో ముల్లు ఒకసారి 80 దగ్గరికి వెళ్తే, కిలోమీటరు దారిలో 80 కిలోమీటర్లు ఎలా వెళ్లానని ఎవరూ కంగారుపడరు. ఆ వేగం గంటసేపు ఉండదని తెలుసు కాబట్టి. సాంద్రత ఆ ముల్లు లాంటిది. దూరం అంకెల్లాంటిదాన్ని సంచిత సంభావ్యత అంటారు. ఫలానా బరువు వరకు, అంటే అంతకంటే తక్కువ తూగే ప్యాకెట్లన్నీ కలిపి, ఎంత వంతో అది చెబుతుంది. సున్నా దగ్గర మొదలై పెరుగుతూ ఒకటి దగ్గర ఆగుతుంది. వెనక్కి తిరగదు, ఒకటి దాటదు. ఎక్సెల్‌లో చివరి మాట `TRUE` అని మారిస్తే వచ్చేది ఇదే. మావాడు మారిస్తే 0.5 వచ్చింది. సగం ప్యాకెట్లు కిలోకి లోపు తూగుతాయన్నమాట.

మరి 79.79 ఎందుకు అంత పెద్దది? అది కిలోకి ఇంత అని చెప్పే అంకె కాబట్టి. ప్యాకెట్లు దాదాపు అన్నీ 985 నుంచి 1015 గ్రాముల మధ్యే పడతాయి. అంటే మొత్తం సంభావ్యత, ఆ ఒకటీ, 0.03 కిలోల ఇరుకు చోటులో సర్దుకోవాలి. వెడల్పు లేనప్పుడు గంట ఆకారపు గీత పైకే లేవాలి. అదే లెక్కను గ్రాముల్లో కొట్టండి:

```
=NORM.DIST(1000,1000,5,FALSE)
```

ఈసారి 0.0798 వస్తుంది. మిషను మారలేదు, చక్కెర మారలేదు. కొలత మారితే వెయ్యి రెట్లు మారిపోయే అంకె సంభావ్యత ఎలా అవుతుంది?

సాంద్రతను వెడల్పుతో గుణిస్తేనే సంభావ్యత. ఆ వెడల్పు ఎక్కడిదంటారా, త్రాసులోనే ఉంది. గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు 1.000 అంటే, అసలు బరువు 0.9995కూ 1.0005కూ మధ్య ఉందని. వెడల్పు 0.001 కిలో. 79.79ను దాంతో గుణిస్తే 0.08. వందలో ఎనిమిది ప్యాకెట్లకు త్రాసు సరిగ్గా కిలో చూపిస్తుంది. గ్రాముల్లో 0.0798ని 1తో గుణించినా అదే. ఇక ఇసుమంత తేడా లేకుండా అచ్చంగా కిలో తూగే ప్యాకెట్టు అంటారా, అక్కడ వెడల్పే లేదు. సంభావ్యత సున్నా.

ఈ గుణకారం ఇరుకు వెడల్పులకే పనికొస్తుంది. 990 నుంచి 1010 గ్రాముల మధ్య ఎన్ని ప్యాకెట్లని 79.79ని 0.02తో గుణిస్తే దాదాపు 1.6 వస్తుంది. ఇది మాత్రం నిజంగానే తప్పు. ముల్లు ఒక్క క్షణం చూపిన వేగమే దారంతా ఉందనుకున్నట్టు, గీత కొసన ఉన్న ఎత్తునే రెండు పక్కలా పరిచేశాం. ఇలాంటప్పుడు దూరం అంకెల్నే నమ్ముకోవాలి. 1.01 దగ్గరి సంచిత విలువ 0.977, 0.99 దగ్గర 0.023. తీసేస్తే 0.954, వందలో తొంభై అయిదు.

ఇదంతా విన్నాక మావాడు తేల్చిందేమిటంటే, వాడికి అసలు కావాల్సింది కిలో ప్యాకెట్ల లెక్క కాదు. 990 గ్రాములకు లోపు తూగినవి కొట్టువాళ్లు వెనక్కి పంపుతున్నారు, వాటి లెక్క. అది పైన వచ్చిన 0.023, వెయ్యికి ఇరవై మూడు. మిషను సగటును 1.005కి జరిపి మళ్లీ కొట్టాడు:

```
=NORM.DIST(0.99,1.005,0.005,TRUE)
```

0.00135. వెయ్యికి ఒకటో రెండో. బరువుల చెదురు నిజంగా గంట ఆకారంలోనే ఉంటేనే ఈ చివరి అంకె నిలుస్తుందని, మిషను అప్పుడప్పుడు ఇరుక్కుపోతే నిలవదని చెప్పాను. వాడు వినిపించుకోలేదు. వెయ్యి ప్యాకెట్లకు అయిదు కిలోల చక్కెర ఎక్కువ పోయాలి కదా అని, అప్పటికే ఇంకో గడిలో చక్కెర ధర వేసి గుణించుకుంటున్నాడు.