ఈ రోజు అంట్లు ఎవరి వంతు?

కూకట్‌పల్లిలోనో ఎస్సార్ నగర్‌లోనో నలుగురు కుర్రాళ్లు కలిసుండే ఏ ఫ్లాట్‌కు వెళ్లినా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంటుంది. సోమవారం రవి, మంగళవారం ఇమ్రాన్ అంటూ వారాల వారీగా పేర్లు రాసి ఉంటాయి. రెండో వారానికల్లా ఆ కాగితాన్ని ఎవరూ చూడరు. కుర్రాళ్లు బద్ధకస్తులని ఇంటి ఓనరు అంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు కానీ, అసలు తప్పు ఆ కాగితంలోనే ఉంది.

వారానికి ఏడు రోజులు, మనుషులు నలుగురు. ఏడు రోజుల్ని నలుగురికి పంచితే ముగ్గురికి రెండేసి రోజులొస్తాయి, ఒకడికి ఒక్కరోజే వస్తుంది. ప్రతి వారం అదే కాగితం కాబట్టి ఆ ఒక్కడు ఎప్పటికీ సుఖపడతాడు. అంతకంటే పెద్ద చిక్కు ఆదివారం. ఆ రోజు చికెన్ వండిన కుక్కరు, జిడ్డు పట్టిన కడాయి, మిత్రులొస్తే వాళ్లు తిన్న ప్లేట్లు కూడా కలిపి తోమాలి. ఆదివారం ఎదురుగా పేరున్నవాడికి ఏడాది పొడుగునా అదే రాత. వాడు మూడో వారం మొండికేస్తే తప్పు పట్టలేం.

కాబట్టి వంతును వారానికి కాకుండా తేదీకి కట్టాలి. వారాలను పక్కనపెట్టి, నాలుగు రోజులకొకసారి వంతు తిరిగొచ్చేలా చూడాలి. ఏడును నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది గనుక ఆదివారం మనిషి వారం వారం మారిపోతాడు. నాలుగు ఆదివారాల్లో నలుగురికీ ఒక్కోసారి ఆ కడాయి దక్కుతుంది. ఇంట్లో సరిగ్గా ఏడుగురు ఉంటే మాత్రం ఇది పనిచేయదు. ఎవరి వారం వాళ్లకే అతుక్కుపోతుంది. చిన్న ఫ్లాట్‌లో ఏడుగురుంటే అంట్ల కంటే పెద్ద సమస్యలే ఉంటాయి లెండి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. రవి, ఇమ్రాన్, శ్రీకాంత్, ప్రసాద్ ఉంటున్నారు. రోజూ తప్పని పనులు మూడు: వంట, అంట్లు, ఊడ్చి తుడిచి చెత్తను బండికి అందించడం. మనుషులు నలుగురు కాబట్టి రోజుకొకరికి సెలవు. ఈ సెలవును కూడా నాలుగో పనిగా పట్టికలో రాసుకోవాలి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

గూగుల్ షీట్స్‌లో తేదీ పైకి తేదీలా కనిపించినా లోపల అది ఒక అంకె. 1899 డిసెంబరు 30ని సున్నాగా పెట్టుకుని రోజులు లెక్కిస్తుంది. ఆ లెక్కన 2026 జనవరి 5, సోమవారం 46027 అవుతుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే వచ్చే శేషమే ఆ రోజు ఎవరి వంతో చెబుతుంది. తేదీలు A వరుసలో, నలుగురి పేర్లు H2 నుంచి H5 దాకా ఉంటే, వంట గడిలో రాయాల్సింది ఇంతే:

```
=INDEX($H$2:$H$5, MOD($A2, 4)+1)
```

అంట్ల గడిలో `$A2` బదులు `$A2+1`, ఊడ్పుకు `$A2+2`, సెలవుకు `$A2+3` రాస్తే సరిపోతుంది. దాన్ని కిందికి లాగితే ఏడాదికి సరిపడా వంతులు తయారవుతాయి. జనవరి 5న వంట ప్రసాద్‌ది, అంట్లు రవివి, ఊడ్పు ఇమ్రాన్‌ది, సెలవు శ్రీకాంత్‌ది. ఇలా తిరిగితే ఎవరికైనా ఊడ్పు తర్వాతి రోజు అంట్లు, ఆ తర్వాత వంట, వంట చేసిన మర్నాడు సెలవు వస్తాయి.

మంచినీళ్ల దగ్గర మాత్రం ఈ పద్ధతి బోల్తా కొడుతుంది. హైదరాబాద్‌లో చాలా చోట్ల నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. కింద నల్లా దగ్గర క్యాన్లు పట్టి రెండో అంతస్తుకు మోయాలి. దీన్ని కూడా తేదీ ప్రకారమే నలుగురి మధ్య తిప్పారనుకోండి. నీళ్లు 5న, 7న, 9న, 11న వస్తున్నాయి. ఆ తేదీల శేషాలు వరుసగా 3, 1, 3, 1. అంటే క్యాన్లు మోసేది ఎప్పుడూ ప్రసాద్, ఇమ్రానే. రవి, శ్రీకాంత్‌ల వంతు సరిగ్గా నీళ్లు రాని రోజునే పడుతుంది. పట్టిక చూస్తే నలుగురికీ సమానంగానే ఉంటుంది. నడుం నొప్పి మాత్రం ఇద్దరికే. ఇది ఎవరూ కావాలని చేసిన మోసం కాదు. రెండు రోజులకోసారి వచ్చే పనిని నలుగురికి తేదీల మీద పంచితే జరిగేదే ఇది. ఇంట్లో ముగ్గురో అయిదుగురో ఉంటే ఈ తిప్పలు రావు.

అందుకని రోజూ ఉండని పనులకు తేదీని కాక, ఆ పని ఇప్పటికి ఎన్నిసార్లు జరిగిందన్నది లెక్కపెట్టాలి. దీనికి రెండో షీటు ఒకటి కావాలి. అందులో నాలుగే వరుసలు: తేదీ, పని, వంతు ఎవరిది, చేసింది ఎవరు. H వరుసలో పేర్లు ఇక్కడా ఉంటాయి. నీళ్లు పట్టిన ప్రతిసారీ ఇందులో ఒక వరుస చేరుతుంది. తర్వాత క్యాన్లు ఎవరు ఎత్తాలో ఇది చెబుతుంది:

```
=INDEX($H$2:$H$5, MOD(COUNTIF($B:$B,"నీళ్లు"),4)+1)
```

పైపు పగిలి మూడు రోజులు నీళ్లు రాకపోయినా వంతు చెడదు. నీళ్లొచ్చిన రోజే అది ముందుకు కదులుతుంది. ఒక్క జాగ్రత్త. ఒకడు ‘నీళ్లు’ అని, ఇంకొకడు ‘నీళ్ళు’ అని టైపు చేస్తే కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు పనులు. పేరు చివర కనిపించని ఖాళీ ఒకటి పడినా లెక్క తప్పుతుంది. లెక్క ఎక్కడో తేడాగా ఉందనిపిస్తే ముందు వెతకాల్సింది ఇవే. పనుల పేర్లూ మనుషుల పేర్లూ చేత్తో కొట్టకుండా, జాబితాలోంచి ఎంచుకునేలా గడులు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇక గుర్తుచేయడం. వంతు నాలుగు రోజులకోసారి తిరుగుతుంది కాబట్టి ఎవరి ఫోన్లో వాళ్లు గూగుల్ క్యాలెండర్లో మూడు పనులు పెట్టుకుని, ప్రతి 4 రోజులకు మళ్లీ వచ్చేలా ఎంచుకుంటే చాలు. వేళ మాత్రం పనిని బట్టి పెట్టాలి. చెత్త బండి పొద్దున్నే వచ్చి వెళ్లిపోతుంది. అమెరికా షిఫ్టు చేసి నాలుగింటికి పడుకున్నవాడి ఫోను ఆరింటికి మోగితే ఫలితం ఉండదు. వాడికి ముందు రాత్రి ఆఫీసుకు బయల్దేరేటప్పుడే గుర్తుచేయాలి, చెత్త సంచి తలుపు బయట పెట్టి వెళ్తాడు. అంట్లకైతే భోజనాలు అయ్యే వేళకు చాలు.

గ్రూపుకే సందేశం వెళ్లాలంటే షీటుకు చిన్న స్క్రిప్టు తగిలించి టెలిగ్రామ్ బాట్ ద్వారా పంపొచ్చు. అప్పుడు ఆ స్క్రిప్టు టైమ్ జోన్ మన దేశానిదేనా అని చూసుకోండి. మనకు తెల్లవారి అయిదైనప్పుడు గ్రీనిచ్‌లో ఇంకా నిన్నటి రాత్రి పదకొండున్నరే. టైమ్ జోన్ తప్పితే నిన్న వండినవాడి పేరే ఈ రోజూ వస్తుంది. సందేశంలో ‘అందరూ గమనించగలరు’ లాంటివి వద్దు, పని పక్కన మనిషి పేరుండాలి.

అసలు పంచాయతీ అంతా ఆదివారం రాత్రి లెక్క దగ్గర. ఎవరెన్ని పనులు చేశారో మాత్రమే కూడితే తగువు ఖాయం. మన ఇంట్లో జనవరి 5 నుంచి 11 దాకా ఏం జరిగిందో చూడండి. రెండో శనివారం కలిసొచ్చిందని ప్రసాద్ శుక్ర, శని, ఆదివారాలు ఊరెళ్లాడు. ఆ మూడు రోజులకు ఒకటే నియమం: లేనివాడి పనిని ఆ రోజు సెలవులో ఉన్నవాడు ఎత్తుకోవాలి. సెలవును పట్టికలో రాసుకోమన్నది ఇందుకే. శుక్రవారం వంట ప్రసాద్‌ది, సెలవు శ్రీకాంత్‌ది, కాబట్టి శ్రీకాంత్ వండాడు. శనివారం సెలవు ప్రసాద్‌దే, కనుక మార్పేమీ లేదు. ఆదివారం ప్రసాద్ ఊడ్పు సెలవులో ఉన్న రవికి వచ్చింది. రెండో షీటులో ‘వంతు ఎవరిది’ అన్నచోట ఇలా మారిన పేరే రాయాలి. ఇంకో సంగతి. శనివారం రాత్రి అంట్లు ఇమ్రాన్‌వి. అతను ఆఫీసు నుంచి బాగా ఆలస్యంగా వచ్చాడు, ఆ పూట వండిన రవే అవి కూడా తోమేశాడు. ‘వంతు ఎవరిది’ కింద ఇమ్రాన్ పేరు, ‘చేసింది ఎవరు’ కింద రవి పేరు పడ్డాయి.

నీళ్లు వదిలేస్తే వారంలో పనులు 21. రవి 7, శ్రీకాంత్ 6, ఇమ్రాన్ 5, ప్రసాద్ 3 చేశారు. ఈ అంకెలే గోడ మీద పెడితే అందరి కళ్లూ ప్రసాద్ మీదే పడతాయి. వంతుల లెక్క పక్కన పెట్టి చూడండి. ప్రసాద్ ఉన్న నాలుగు రోజుల్లో అతనికి వచ్చిన వంతులు మూడు, చేసినవీ మూడే. బాకీ లేదు. మిగిలిన ముగ్గురికీ ఆరేసి వంతులు. శ్రీకాంత్‌కు చెల్లు. రవి ఒకటి ఎక్కువ చేశాడు, ఇమ్రాన్ ఒకటి బాకీ పడ్డాడు. K1 గడిలో ఆ వారపు సోమవారం తేదీ వేస్తే చేసిన పనుల లెక్క ఇలా వస్తుంది:

```
=COUNTIFS($D:$D,$H2,$B:$B,"<>నీళ్లు",$A:$A,">="&$K$1,$A:$A,"<"&$K$1+7)
```

`$D:$D` బదులు `$C:$C` రాస్తే వంతుల లెక్క వస్తుంది. రెంటికీ తేడాయే బాకీ. అందరూ ఇంట్లో ఉన్న మామూలు వారంలో కూడా ఒకరికి ఆరు పనులు, ముగ్గురికి అయిదేసి పడతాయి. ఆ ఆరు పడేవాడు వారం వారం మారతాడు, నాలుగు వారాలకు సర్దుకుంటుంది. దానికోసం ఆదివారం రాత్రి గొడవపడక్కర్లేదు.

అంట్లు కష్టం, ఊడ్పు తేలిక కాబట్టి మార్కులు వేద్దామని ఎవరో ఒకరు అంటారు. అన్ని పనులూ అందరికీ తిరుగుతున్నంత కాలం మార్కుల అవసరం లేదు. ఒకడు ఎప్పటికీ అంట్లు వదిలేసి ఊడ్పు మాత్రమే పట్టుకుంటానంటే అప్పుడు ఆలోచించొచ్చు. ఇల్లు ఖాళీ చేసి ఒకరు వెళ్లినా, కొత్తవాడు చేరినా పాత బాకీలు తేల్చుకుని సోమవారం నుంచి కొత్త పట్టిక మొదలుపెట్టాలి. మధ్యలో నాలుగును అయిదుగా మారిస్తే నిన్న వండినవాడే ఈ రోజు కూడా వండాల్సి రావచ్చు.

బాకీకి జరిమానా పెడదామన్న మాట కూడా తప్పకుండా వస్తుంది, పనికి యాభై రూపాయలని. పెట్టకండి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని డేకేర్లలో జరిమానా వేసి చూశారు. యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ 2000లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి, జరిమానా ఎత్తేశాక కూడా మునుపటి స్థాయికి దిగలేదు. మన ఇంట్లోనూ అంతే, జీతం ఎక్కువున్నవాడు యాభై పారేసి పడుకుంటాడు. పని బాకీని పనితోనే తీర్చుకోండి. రవికి మళ్లీ అంట్ల వంతు వచ్చేది 13వ తేదీ, మంగళవారం. ఆ రాత్రి అవి ఇమ్రాన్ తోమితే లెక్క సరి.