సంతకానికి ముందు ఆ రెండు క్లాజులు

హైదరాబాద్‌లో ముగ్గురు కలిసి నడుపుకునే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఉందనుకుందాం. మందుల పంపిణీ కంపెనీ ఒకటి వాళ్లతో స్టాకు యాప్ చేయించుకోవాలనుకుంది. మాటలు మొదలవకముందే గోప్యతా ఒప్పందం, అంటే ఎన్‌డీఏ, మెయిల్లో వచ్చింది. మామూలు ఫార్మాటే, సంతకం పెట్టేయమన్నారు.

అందులో రహస్య సమాచారం అంటే ‘కంపెనీ నోటిమాటగా గానీ, రాతలో గానీ తెలిపిన సమస్త సమాచారం, రహస్యమని గుర్తు ఉన్నా లేకున్నా’ అని ఉంది. చివరి పేజీలో ‘ఈ బాధ్యతలు ఒప్పందం ముగిశాక కూడా శాశ్వతంగా కొనసాగుతాయి’ అని మరో వాక్యం. ఈ రెండింటినీ కలిపి చదవాలి. గడువు దగ్గరపడిన మందులు లిస్టులో ముందు కనిపించాలని మేనేజరు మీటింగులో అన్నాడనుకోండి. మందుల వ్యాపారంలో అందరూ పాటించే పద్ధతే అది. కానీ ఈ నిర్వచనం ప్రకారం అదీ రహస్యమే. పదేళ్ల తర్వాత ఇంకో పంపిణీదారుకు అలాంటి యాప్ చేసినా నోటీసు రావచ్చు.

కాబట్టి ‘సమస్త సమాచారం’ కొట్టేసి, ధరల పట్టికలు, డీలర్ల జాబితా, కొనుగోలు లెక్కలు అని విడివిడిగా రాయించాలి. నోటిమాటగా చెప్పినదాన్ని 30 రోజుల్లోగా రాతలో ధ్రువీకరిస్తేనే రహస్యంగా లెక్కించాలని అడగవచ్చు. అప్పటికే బహిరంగంగా ఉన్నది, మనకు ముందే తెలిసినది, మూడో వ్యక్తి నుంచి న్యాయంగా అందినది, మనం సొంతంగా తయారుచేసుకున్నది నిర్వచనంలోకి రాకూడదు. ‘ముందే తెలుసు’ అని నిరూపించాల్సింది సాధారణంగా మనమే. అందుకే మన దగ్గర ఇప్పటికే ఉన్న మాడ్యూళ్ల జాబితాను సంతకానికి ముందే మెయిల్లో పంపి ఉంచడం మంచిది. ఇంత చిన్న పనిని చాలామంది వదిలేస్తారు.

గడువు విషయంలో మొండిపట్టు అక్కర్లేదు. మామూలు వ్యాపార సమాచారానికి రెండు నుంచి ఐదేళ్లు అడగడం సబబు. తయారీ ఫార్ములా లాంటి అసలైన వ్యాపార రహస్యానికి మాత్రం అది రహస్యంగా ఉన్నంతకాలం కాపాడమని కంపెనీ కోరడం న్యాయమే. దాన్ని వేరే వాక్యంగా విడగొట్టమనాలి. అన్నిటినీ ఒకే గంపలో వేయడమే తప్పు.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ వృత్తి, వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది. గోప్యత పేరుతో పనే చేసుకోనివ్వకపోతే ఆ వాదన వినిపించవచ్చు. అయితే దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి. శాశ్వత గోప్యత అన్నంత మాత్రాన క్లాజు దానంతటదే రద్దయిపోదు. తేల్చాల్సింది కోర్టు. అప్పటిదాకా లాయరు ఫీజు, వాయిదాలు చిన్న సంస్థే భరించాలి.

మార్పులు ఒప్పుకున్నాక కూడా చివరి పేజీ మళ్లీ చూడాలి. మొదటి పేజీలో ‘కాలపరిమితి రెండేళ్లు’ అని ఉన్నా అది ఒప్పందం నడిచే కాలమే కావచ్చు. గోప్యత ఎన్నేళ్లో చెప్పేది ఆ ‘ముగిశాక కూడా’ వాక్యమే. అక్కడ ‘శాశ్వతంగా’ అలాగే మిగిలిపోతే పై పేజీల్లో అడిగి సాధించుకున్న గడువు దక్కకపోవచ్చు.